ట్యుటోరియల్ స్లైడ్లలో స్క్రీన్‌షాట్లు: వివరాలు నిజంగా దాచడం, బాణం సరైన చోట పెట్టడం ఎలా

హన్మకొండలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్ ఉందనుకోండి. పరకాల, నర్సంపేట, ములుగులో దానికి శాంపిల్ కలెక్షన్ సెంటర్లు ఉన్నాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్తగా మార్చారు. సెంటర్లలో పనిచేసే పిల్లలకు పేషెంట్ రిజిస్ట్రేషన్ ఎలా చేయాలో చూపించే స్లైడ్లు తయారుచేసే పని మీ మీద పడింది. మీరు స్క్రీన్‌షాట్లు తీసి, పవర్‌పాయింట్‌లో పెట్టి, పేషెంట్ పేరు మీద ఒక నల్ల డబ్బా గీసి, ఫైల్‌ను వాట్సాప్ గ్రూపులో వేస్తారు. ఫైల్ అందుకున్న వాళ్లలో ఎవరైనా ఆ డబ్బాను మౌస్‌తో పక్కకు లాగితే కింద పేరు, ఫోన్ నంబర్, చేయించుకున్న టెస్టు అన్నీ కనిపిస్తాయి.

కాబట్టి ముందు ఒక నియమం పెట్టుకోండి. దాచాల్సినవన్నీ బొమ్మ స్లైడ్‌లోకి వెళ్లకముందే, బొమ్మలోనే చెరిపేయాలి. బాణాలు, నంబర్లు, చుట్టూ గీసే గీతలు మాత్రం స్లైడ్‌లోకి వచ్చాక పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బాణాలను పెయింట్‌లో గీస్తారు, దాచడం పవర్‌పాయింట్‌లో చేస్తారు. అందువల్ల రెండు వైపులా నష్టమే. బటన్ జరిగితే బాణం మార్చలేరు, దాచామనుకున్నది దాగదు.

పవర్‌పాయింట్‌లో దాచితే ఎందుకు దాగదు

పవర్‌పాయింట్‌లో బొమ్మను Crop చేస్తే కత్తిరించిన భాగం ఫైల్‌లోంచి పోదు. చూపించాల్సిన మేర ఎంతో మాత్రమే అది గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మ మీద క్లిక్ చేసి మళ్లీ Crop నొక్కితే పక్కన ఉన్నదంతా తిరిగి వస్తుంది. Artistic Effects లో ఉండే Blur కూడా అంతే. Reset Picture నొక్కగానే అసలు బొమ్మ బయటపడుతుంది. గూగుల్ స్లైడ్స్‌లోనూ క్రాప్ ఇలాగే పనిచేస్తుంది. ఇవన్నీ తెర కట్టడం లాంటివే, తెర వెనక వస్తువు ఉన్నచోటే ఉంటుంది.

పీడీఎఫ్ చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. నల్ల డబ్బా పెట్టిన స్లైడ్‌ను పీడీఎఫ్ చేస్తే డబ్బా వేరే వస్తువుగా, కింద బొమ్మ వేరే వస్తువుగా ఉండిపోతాయి. పీడీఎఫ్‌లోంచి బొమ్మలు బయటకు తీసే టూల్స్ మామూలుగానే దొరుకుతాయి. దాన్ని నమ్ముకోవద్దు.

పవర్‌పాయింట్‌లోనే Compress Pictures అని ఒక ఆప్షన్ ఉంది. అందులో Delete cropped areas of pictures టిక్ చేస్తే కత్తిరించిన భాగం నిజంగానే పోతుంది. కానీ ఇది క్రాప్‌కు మాత్రమే పనికొస్తుంది, బొమ్మ మీద పెట్టిన డబ్బాల కిందిది అలాగే ఉంటుంది. పైగా ఇరవై బొమ్మలున్న ఫైల్‌లో ఇది చేయడం ఒక్కసారి మర్చిపోయినా చాలు. అసలు పని ముందే చేసి, దీన్ని అదనపు జాగ్రత్తగా మాత్రమే వాడండి.

మొదటి అడుగు: అసలు వివరాలే స్క్రీన్ మీద లేకుండా చూడండి

దాచాల్సిన అవసరమే రాకపోతే అన్నిటికంటే మంచిది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వాళ్ల దగ్గర డెమో లాగిన్ ఉందేమో ముందు అడగండి. ఉంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. లేకపోతే అసలు సాఫ్ట్‌వేర్‌లోనే "టెస్ట్ పేషెంట్" పేరుతో ఎంట్రీ వేద్దామనిపిస్తుంది. అప్పుడు దానికి బిల్ నంబర్ పడుతుంది, సాయంత్రం క్యాష్ లెక్కలో ఆ మొత్తం తేడా వస్తుంది. అకౌంట్స్ చూసే వాళ్లకు ముందే చెప్పి, స్క్రీన్‌షాట్లు అయ్యాక ఆ బిల్లును క్యాన్సిల్ చేయించండి.

సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో నడిచేదైతే ఇంకా తేలికైన పద్ధతి ఉంది. పేజీ తెరిచి F12 నొక్కి, Console అనే ట్యాబ్‌లో ఈ ఒక్క లైన్ టైప్ చేసి ఎంటర్ కొట్టండి:

```
document.designMode = "on"
```

ఇప్పుడు పేజీలో కనిపించే ఏ అక్షరం మీదైనా క్లిక్ చేసి, వర్డ్ ఫైల్‌లో దిద్దినట్టే దిద్దవచ్చు. పక్కన ఉన్న పేషెంట్ల లిస్టులో పేర్లు తీసేసి "టెస్ట్ పేషెంట్ 1", "టెస్ట్ పేషెంట్ 2" అని రాసుకోండి. మారేది మీ స్క్రీన్ మీద మాత్రమే, సర్వర్‌లో ఏమీ మారదు. పేజీని రిఫ్రెష్ చేస్తే పాతవే తిరిగి వస్తాయి. ఒక్క జాగ్రత్త ముఖ్యం. ఫారంలో టైప్ చేసే గళ్ల సంగతి వేరు. అక్కడ పేరు మార్చి పొరపాటున సేవ్ నొక్కితే అసలు రికార్డే మారిపోతుంది. పాత పేషెంట్ ఫారం తెరవకుండా, ఖాళీ కొత్త ఫారంలో ఉత్తుత్తి వివరాలు నింపి, సేవ్ చేయకుండానే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఉత్తుత్తి నంబర్ రాసేటప్పుడు కూడా ఆలోచించాలి. చేతికొచ్చినట్టు 98తో మొదలుపెట్టి పది అంకెలు కొడితే అది నిజంగా ఎవరి నంబరో కావచ్చు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి 12345 67890 లాంటిది ఎవరి ఫోనూ కాదు. ఆధార్ నంబర్ 0తో గానీ 1తో గానీ మొదలవదు. కాబట్టి ఉత్తుత్తి ఆధార్‌ను ఆ రెండింటిలో ఒకదానితో మొదలుపెట్టండి.

స్క్రీన్‌షాట్ తీసే ముందు వాట్సాప్ వెబ్ మూసేయండి. మూల నుంచి పాపప్ మెసేజ్ సరిగ్గా ఆ క్షణంలోనే వస్తుంది. బ్రౌజర్‌లో F11 నొక్కితే అడ్రస్ బార్, ట్యాబ్‌లు, బుక్‌మార్క్‌లు కనిపించకుండా పోతాయి. ఇది అందం కోసం కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు పేషెంట్ ఐడీని, మొబైల్ నంబర్‌ను అడ్రస్‌లోనే పెడతాయి. ఫారం అంతా జాగ్రత్తగా చెరిపి, పైన అడ్రస్ బార్‌లో అదే నంబర్ వదిలేస్తే చేసిన పనంతా వృథా.

రెండో అడుగు: ఎంత కత్తిరించాలి

ఇది చాలామంది రుచిని బట్టి చేస్తారు. దీనికి నిజానికి చిన్న లెక్క ఉంది. పవర్‌పాయింట్ మామూలు స్లైడ్ వెడల్పు 13.33 అంగుళాలు. మీ స్క్రీన్ 1920 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, మొత్తం స్క్రీన్‌ను స్లైడ్ నిండా పెట్టినప్పుడు ఒక అంగుళంలో 144 పిక్సెళ్లు ఇరుక్కుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో 14 పిక్సెళ్ల సైజులో ఉన్న అక్షరం స్లైడ్ మీద 7 పాయింట్ల అక్షరమవుతుంది. ప్రొజెక్టర్ మీద రెండో వరుసలో కూర్చున్న వాళ్లకే అది కనిపించదు, ఇక ఫోన్‌లో చూసే వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అదే 800 పిక్సెళ్ల వెడల్పు ముక్క కత్తిరించి స్లైడ్ నిండా పెడితే ఆ అక్షరం దాదాపు 17 పాయింట్లవుతుంది. హాయిగా చదవచ్చు.

ఇంకో ఉపాయం, స్క్రీన్‌షాట్ తీసే ముందే బ్రౌజర్‌లో Ctrl, + నొక్కి పేజీని 150 శాతానికి పెంచండి. తర్వాత బొమ్మను సాగదీస్తే అక్షరాలు మసకబారతాయి. ముందే పెంచితే స్పష్టంగా ఉంటాయి.

అయితే మరీ బిగించి కత్తిరించకూడదు. ఒక్క బటన్ మాత్రమే కనిపించేలా ముక్క పెడితే ములుగు సెంటర్‌లో కూర్చున్న అబ్బాయి ఫోన్ చేసి "అన్నా, ఈ బటన్ ఏ పేజీలో ఉంది?" అని అడుగుతాడు. పేజీ శీర్షికో, ఫారం పైవరుసో ఏదో ఒక గుర్తు ముక్కలో మిగలాలి. కొత్త పేజీ మొదటిసారి వచ్చినప్పుడు ఒక స్లైడ్‌లో మొత్తం పేజీ చూపించి, అందులో ఈ ముక్క ఎక్కడిదో ఒక చతురస్రం గీసి చూపండి. తర్వాతి స్లైడ్‌లో ముక్కను పెద్దగా పెట్టండి.

కత్తిరించడం స్క్రీన్‌షాట్ తీసేటప్పుడే చేయండి. విండోస్‌లో Win + Shift + S నొక్కి కావలసిన మేర మాత్రమే గీసి తీసుకోండి. మొత్తం తీసి తర్వాత కోసుకుంటే కోసిన బొమ్మను కొత్త పేరుతో సేవ్ చేయండి, పాత ఫైల్ మీదే సేవ్ చేయొద్దు. దీని వెనక ఒక కథ ఉంది. 2023 మార్చిలో విండోస్ స్నిప్పింగ్ టూల్‌లో ఒక లోపం బయటపడింది. క్రాప్ చేసి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, పాత బొమ్మ డేటాలో కొంత భాగం కొత్త బొమ్మ చివర అలాగే మిగిలిపోయేది. దాన్నుంచి కత్తిరించిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టగలిగారు. అదే నెలలో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కానీ అప్పటికే తయారైన ఫైళ్లలో ఆ మిగులు అలాగే ఉంటుంది. మీ ల్యాబ్‌లో అప్పటి స్క్రీన్‌షాట్లు ఉంటే వాటిని వాడకుండా కొత్తవి తీసుకోండి.

మూడో అడుగు: చెరపడం

ఉత్తుత్తి వివరాలు పెట్టడం కుదరని స్క్రీన్లు కొన్ని ఉంటాయి. ఉదాహరణకు నెల మొత్తం బిల్లుల రిపోర్టు. అక్కడ చెరపక తప్పదు.

ముందు ఏం చెరపాలో చూడాలి. పేరు, ఫోన్ అందరూ చెరుపుతారు. కానీ మన దగ్గర ఊళ్లు చిన్నవి. పరకాల పక్కన ఒక ఊరి పేరు, వయసు 52, పురుషుడు, పక్కన షుగర్ టెస్టు, కింద రాసి పంపిన డాక్టర్ పేరు కనిపిస్తే ఆ ఊరివాళ్లు ఎవరైనా సరే ఆయనెవరో చెప్పేస్తారు. పేరు లేకపోయినా మనిషి దొరికిపోతాడు. అందుకే ఒక్కో గడిని విడిగా చూడకుండా, ఒక వరుసలో మిగిలిన గళ్లన్నీ కలిపి చదివి, ఈ మనిషి ఎవరో తెలుస్తుందా అని మీకు మీరే ప్రశ్న వేసుకోండి. ఆ సెంటర్‌లోనే పనిచేసే వాళ్లు చదివితే ఏమవుతుందో ఊహించండి. ఊరు, టెస్టు రెండింట్లో ఒకటి తప్పకుండా పోవాలి. ఆ స్లైడ్‌లో నేర్పేది టెస్టు ఎంచుకోవడమైతే ఊరు చెరపండి.

బిల్ నంబర్ హానిలేనిదిగా కనిపిస్తుంది. బిల్ నంబర్, మొబైల్ నంబర్ కొడితే రిపోర్టు ఆన్‌లైన్‌లో తెరుచుకునే ల్యాబుల్లో అది సగం తాళంచెవి. శాంపిల్ ట్యూబు మీద అంటించే బార్‌కోడ్ కూడా అలాంటిదే. కింద అంకెలు చెరిపి గీతలు వదిలేస్తే ఫోన్‌తో స్కాన్ చేసి అదే నంబర్ చదువుకోవచ్చు. క్యూఆర్ కోడ్ ఇంకా మొండిది. కొంత పాడైనా చదవగలిగేలా దాన్ని తయారు చేస్తారు. ఎక్కువ రక్షణ ఉన్న రకంలో సుమారు 30 శాతం దాకా పాడైనా స్కాన్ అవుతుంది. కాబట్టి దాని మీద ఒక అడ్డగీత గీస్తే సరిపోదు, కోడ్ మొత్తాన్ని మూసేయాలి.

ఇక బ్లర్ సంగతి. బ్లర్ చూడ్డానికి బాగుంటుంది, అందుకే అందరూ వాడతారు. కానీ అంకెల మీద దాన్ని నమ్మలేం. అక్షరాల ఫాంట్ తెలుసు, సైజు తెలుసు, ఒక్కో చోట ఉండగలిగేవి పది అంకెలే. ఒక్కో అంకెను అదే ఫాంట్‌లో రాసి, అదే మోతాదులో మసకబార్చి, మీ బొమ్మతో పోల్చి చూస్తే ఏది సరిపోయిందో తెలిసిపోతుంది. చిన్న చతురస్రాలుగా కనిపించే మొజాయిక్ మీద ఇలా చేసే డీపిక్స్ అనే ప్రోగ్రాం 2020 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. బ్లర్ తేలిగ్గా ఉంటే ప్రోగ్రాం కూడా అక్కర్లేదు. కళ్లు చికిలించి, ఫోన్‌ను కాస్త దూరంగా పట్టుకుని చూస్తే పేరు చదవగలుగుతాం.

అందుకని ముందు గట్టి రంగుతో నింపండి. పెయింట్‌లో బొమ్మ తెరిచి, Shapes లో దీర్ఘచతురస్రం ఎంచుకోండి. Fill లో Solid color పెట్టి, Color 2 గా లేత బూడిద రంగు తీసుకుని, గడి మీద గీయండి. నలుపు కంటే బూడిద రంగు మంచిది, చూసేవాళ్ల కన్ను నల్ల మచ్చల మీదికి పోకుండా బాణం మీదికి పోతుంది. పేరు ఎంత పొడవుంటే అంత పెట్టె గీయకండి. పెట్టె పొడవును బట్టి ఎన్ని అక్షరాలో అంచనా వేయవచ్చు. ఆ నిలువు వరుసలో అన్ని గళ్లకూ ఒకే కొలత పెట్టె వేయండి.

బ్లర్ అందం కావాల్సిందే అంటే దానికీ దారి ఉంది. గట్టి రంగు నింపాక దాని మీద ఉత్తుత్తి పేరు, 12345 67890 టైప్ చేసి, అప్పుడు షేర్‌ఎక్స్ లాంటి టూల్‌లో ఆ భాగాన్ని బ్లర్ చేయండి. ఎవరైనా బ్లర్‌ను ఛేదించినా కింద దొరికేది మీరు రాసిన ఉత్తుత్తి పేరే. చూసేవాళ్లకు ఇక్కడ పేరు ఉంటుంది, ఇక్కడ నంబర్ ఉంటుంది అని కూడా అర్థమవుతుంది.

పూర్తయ్యాక కొత్త పేరుతో పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపీజీలో చిన్న అక్షరాల చుట్టూ మురికి పేరుకుంటుంది. గ్రీన్‌షాట్ లాంటి టూల్స్‌లో తర్వాత దిద్దుకునేందుకు వాటి సొంత రకం ఫైల్‌గా సేవ్ చేసే వీలుంటుంది. అందులో కింద అసలు బొమ్మ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరికీ పంపొద్దు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్ మీరు తీసిన ప్రతి స్క్రీన్‌షాట్‌నూ Pictures లోని Screenshots ఫోల్డర్‌లో తనంతట తానే సేవ్ చేస్తుంది. పని అయ్యాక ఆ ఫోల్డర్ ఖాళీ చేయండి. వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే అక్కడికీ కాపీ వెళ్లి ఉండొచ్చు, అది కూడా చూడండి.

నాలుగో అడుగు: బాణాలు

చెరిపిన పీఎన్‌జీని ఇప్పుడు స్లైడ్‌లో పెట్టండి. Insert లో Shapes నుంచి బాణం తీసుకుని, మందం 3 పాయింట్లు, సాఫ్ట్‌వేర్‌లో లేని రంగు పెట్టండి. మీ సాఫ్ట్‌వేర్ మెనూ అంతా నీలమైతే నారింజో, ముదురు ఎరుపో తీసుకోండి. దాని మీద రైట్ క్లిక్ చేసి Set as Default Line నొక్కితే ఆ ఫైల్‌లో ఇక గీసే ప్రతి బాణమూ అలాగే వస్తుంది. పది స్లైడ్లలో పది రకాల బాణాలుంటే చూసేవాళ్లు ఆ తేడాకు కూడా ఏదో అర్థం ఉందేమో అని వెతుకుతారు.

బాణం తోక ఖాళీ చోట మొదలవ్వాలి, మొన బటన్ అంచుకు కాస్త ముందే ఆగాలి. బటన్ మీద రాసిన పదాన్ని మొన కప్పేస్తే ఏం నొక్కాలో చెప్పాల్సిన బాణమే దాన్ని దాచేసినట్టవుతుంది. దారిలో వేరే అక్షరాల మీదుగా బాణం పోతుంటే అవతలి వైపు నుంచి గీయండి.

ఒక స్లైడ్‌లో రెండు మూడు పనులుంటే బాణాల కంటే నంబర్ వేసిన చిన్న గుండ్రాలు మేలు. 1 టెస్టు ఎంచుకోండి, 2 మొత్తం సరిచూడండి, 3 Save & Print నొక్కండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లకు కూడా నంబర్ అర్థమవుతుంది. మూడు దాటితే స్లైడ్‌ను రెండుగా విడగొట్టండి. బటన్ పేర్లను స్క్రీన్ మీద ఉన్నట్టే ఇంగ్లిష్‌లో ఉంచి, చేయాల్సిన పనిని తెలుగులో రాయండి. "భద్రపరచు నొక్కండి" అని రాస్తే ఆ పిల్లలు స్క్రీన్ మీద ఆ మాట కోసమే వెతుకుతారు.

బాణాలు, బొమ్మ కలిపి ఎంచుకుని Ctrl + G నొక్కితే ఒకే గుంపు అవుతాయి. బొమ్మ సైజు మార్చినా బాణం తన చోటు తప్పదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి రంగులు మాత్రమే మారితే, బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి Change Picture తో కొత్త పీఎన్‌జీ పెట్టండి. అదే కొలతలో తీసిన స్క్రీన్‌షాట్ అయితే బాణాలు ఉన్నచోటే సరిపోతాయి.

పంపే ముందు ఫైల్‌ను విప్పి చూడండి

పవర్‌పాయింట్ ఫైల్ నిజానికి ఒక జిప్ ఫైల్. మీ ఫైల్‌కు ఒక కాపీ తీసుకుని, దాని పేరు చివర `.pptx` తీసేసి `.zip` అని పెట్టండి. చివరి అక్షరాలు కనిపించకపోతే ఫోల్డర్ View మెనూలో File name extensions ఆన్ చేయాలి. జిప్ తెరిచి `ppt` లోపల `media` ఫోల్డర్‌కు వెళ్లండి. స్లైడ్లలో పెట్టిన బొమ్మలన్నీ అక్కడ వాటి అసలు రూపంలో, క్రాప్ లేకుండా, మీద పెట్టిన డబ్బాలు లేకుండా ఉంటాయి. ఒక్కోటీ తెరిచి చూడండి. ఒక్క పేరు కనిపించినా ఆ స్లైడ్‌కు తిరిగి వెళ్లి చెరిపిన బొమ్మతో మార్చాలి. `.wdp` తో ముగిసే ఫైల్ కనిపిస్తే ఎక్కడో పవర్‌పాయింట్ బ్లర్ లాంటి ఎఫెక్ట్ వాడారేమో చూడండి, ఆ ఎఫెక్ట్ వాడిన బొమ్మ అసలు కాపీ అందులో ఉంటుంది. `docProps` ఫోల్డర్‌లో `thumbnail.jpeg` అని మొదటి స్లైడ్ చిన్న బొమ్మ ఉండొచ్చు, దాన్నీ ఒకసారి చూడండి.

స్లైడ్ కింద నోట్సులో మీకోసం రాసుకున్న లాగిన్ పాస్‌వర్డ్ లాంటివి కూడా ఫైల్‌తోపాటే వెళ్తాయి. File లో Info తెరిచి, Check for Issues లో Inspect Document నడిపితే నోట్సు, కామెంట్లు ఉంటే చూపించి తీసేస్తుంది. కానీ బొమ్మలో కనిపించే పేరును అది పట్టుకోలేదు. ఆ పని మీ కళ్లతోనే జరగాలి.

గూగుల్ స్లైడ్స్‌లో చేస్తుంటే ఎడిటర్‌గా షేర్ చేసిన వాళ్లకు వెర్షన్ హిస్టరీలో మీరు చెరపకముందు పెట్టిన స్లైడ్లు కూడా కనిపిస్తాయి. చెరిపిన బొమ్మలతో కొత్త ఫైల్ మొదలుపెట్టి, దాన్నే షేర్ చేయండి.

ఎప్పుడో ఎవరో తయారుచేసిన పాత ఫైల్ మీ చేతికొచ్చి, అందులో డబ్బాలు, క్రాప్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియకపోతే Save As లో PowerPoint Picture Presentation ఎంచుకోండి. ప్రతి స్లైడూ ఒకే బొమ్మగా మారిపోయి, డబ్బాల కింద ఉన్నవి, కత్తిరించినవి పోతాయి. యానిమేషన్లు పోతాయి, అక్షరాలు దిద్దలేరు. స్లైడ్ మీద పైకి కనిపిస్తున్న పేర్లు, తేలికపాటి బ్లర్‌లు మాత్రం అలాగే ఉంటాయి, కాబట్టి ఆ కొత్త ఫైల్ కాపీకి కూడా పేరు చివర `.zip` అని పెట్టి, అదే `media` ఫోల్డర్‌లో ఒక్కో బొమ్మా తెరిచి చూశాకే గ్రూపులో వేయండి.